రోబో చేయి కిలో బరువు ఎత్తాలంటే: జాయింట్ టార్క్, గేర్ రేషియో మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న షెడ్డులో మెషీన్ డిజైన్ పని చేస్తుంటాను. ఇక్కడ ఇంజినీరింగ్ చదివే అనంతపురం, కర్నూలు, చిత్తూరు పిల్లలు ప్రాజెక్టు సీజన్ రాగానే ఆదివారాలు వచ్చి కూర్చుంటారు. చేతిలో ఎస్పీ రోడ్డులో కొన్న మోటార్, నోట్లో ఒకే ప్రశ్న: "అన్నా, ఇది ఎందుకు ఎత్తడం లేదు?" ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా చదవొచ్చు.

లెక్కలన్నీ ఒకే చేయి మీద వేశాను. భుజం నుంచి మోచేయికి 30 సెంటీమీటర్లు, మోచేయి నుంచి మణికట్టుకి 25, అక్కడి నుంచి పట్టుకున్న వస్తువు మధ్యకి 10. చాపితే మొత్తం 65 సెంటీమీటర్లు. ఎత్తాల్సింది 1 కిలో. భుజం 90 డిగ్రీలు 1.5 సెకన్లలో తిరగాలి.

## మొదటి దశ: కాగితం మీద టార్క్

అన్నా, ఎత్తాల్సింది ఒక్క కిలోనే కదా. షాపులో 20 కేజీ సర్వో అని ఇచ్చారు, అయినా ఎందుకు చాలడం లేదు?

ఆ 20 కేజీ బరువు కాదు, 20 కేజీ సెంటీమీటర్లు. అంటే షాఫ్ట్ మధ్య నుంచి 1 సెంటీమీటర్ దూరంలో 20 కిలోలు వేలాడదీస్తే ఆ మోటార్ ఆపగలదు. దూరం 10 సెంటీమీటర్లయితే 2 కిలోలే. బరువు, దూరం కలిసిన ఈ తిప్పే బలమే టార్క్. మన చేయి 65 సెంటీమీటర్లు కాబట్టి 20ని 65తో భాగించండి, సుమారు 300 గ్రాములు వస్తుంది. అందులోనూ చేయి సొంత బరువు ఇంకా కలపలేదు. చేయి అల్యూమినియంతో చేసినా, 3డీ ప్రింట్ చేసినా అదొక్కటే ఆ 300 గ్రాముల లెక్కను మింగేస్తుంది.

షాపువాళ్లది మోసం కాదు. కౌంటర్ దగ్గర "సెంటీమీటర్" అనే మాట అందరూ మింగేస్తారు, అంతే. డేటాషీట్‌లో న్యూటన్ మీటర్లు ఉంటే 10.2తో గుణించండి, కేజీ సెంటీమీటర్లు వస్తాయి.

చేయి ఏ పొజిషన్‌లో ఉన్నట్టు అనుకుని లెక్క వేయాలి?

నేలకు సమాంతరంగా పూర్తిగా చాపి ఉన్నట్టు. గురుత్వాకర్షణ నిటారుగా కిందికి లాగుతుంది కాబట్టి టార్క్‌కి పనికొచ్చేది జాయింట్ నుంచి బరువు దాకా ఉన్న అడ్డ దూరం మాత్రమే. చేయి 60 డిగ్రీలు పైకి లేచిందంటే ఆ అడ్డ దూరం సగమవుతుంది, టార్క్ కూడా సగమవుతుంది. నిటారుగా నిలబడితే దాదాపు సున్నా.

బిందె నిండా నీళ్లు చంకన పెట్టుకుని వీధి చివరి దాకా నడిచేవాళ్లు కూడా అదే బిందెను చేయి చాపి పట్టుకోమంటే క్షణం నిలవలేరు. బిందె బరువు మారలేదు, దూరం మారింది.

మీ పనిలో చేయి ఎప్పుడూ పూర్తిగా చాపాల్సిన అవసరమే లేకపోతే, అది నిజంగా వెళ్లే అత్యంత దూరపు బిందువు దగ్గర లెక్క వేస్తే చాలు. కానీ అప్పుడు ప్రోగ్రామ్‌లో కూడా ఆ హద్దు పెట్టాలి. హద్దు పెట్టని చేయి డెమో రోజునే పూర్తిగా చాపుకుంటుంది.

భుజం టార్క్ లెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చేసి చూపిస్తారా?

చేయిలో బరువున్న ప్రతి భాగాన్నీ విడిగా రాయండి. ఒక్కోదాని బరువును భుజం నుంచి ఆ భాగం మధ్యకి ఉన్న దూరంతో గుణించి, అన్నీ కూడి, చివర 9.81తో గుణించండి. 65 సెంటీమీటర్ల మన చేయికి లెక్క ఇలా ఉంటుంది:

```
upper arm     0.8 kg x 0.150 m = 0.12
elbow motor   0.6 kg x 0.300 m = 0.18
forearm       0.4 kg x 0.425 m = 0.17
gripper       0.4 kg x 0.600 m = 0.24
payload       1.0 kg x 0.650 m = 0.65
                         total = 1.36 kg·m
T = 1.36 x 9.81 = 13.3 N·m
```

ఇందులో ఒక్క వరస మీద వేలు పెట్టి చూడండి. ఎత్తాల్సిన కిలో వల్ల వచ్చింది 0.65 మాత్రమే, అంటే మొత్తంలో సగం కన్నా కాస్త తక్కువ. మిగతాదంతా చేయి తనను తాను మోసుకోవడానికే. "కిలో ఇంటూ పొడవు" అని ఒక్క గుణకారంతో ముగించేసినవాళ్లకి 6.4 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఆ అంకె పట్టుకుని మోటార్ కొంటే కిలో పెట్టాక కాదు, పెట్టకముందే చేయి వాలిపోతుంది. ఖాళీ చేతికే 7 న్యూటన్ మీటర్లు కావాలి మరి.

దూరం భాగం చివరికి కాదు, దాని బరువు మధ్యకి కొలవాలి. ముంజేయి మోచేయి దగ్గర మొదలై 25 సెంటీమీటర్లు ఉంది కాబట్టి దాని మధ్య 30కి 12.5 కలిపితే 42.5. బరువు ఒక పక్కకే ఎక్కువగా ఉన్న భాగమైతే దాన్ని స్కేలు అంచు మీద నిలబెట్టి, ఎక్కడ తూగుతుందో అక్కడ పెన్నుతో గీత పెట్టండి. క్యాడ్ చూపించే అంకె కన్నా నేను ఆ గీతనే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే క్యాడ్‌లో స్క్రూలు, వైర్లు ఎవరూ వేయరు.

మోచేయికి కూడా అంతే టార్క్ కావాలా? కింద తిరిగే బేస్ సంగతి?

మోచేయి తన ముందున్నదే మోస్తుంది: ముంజేయి, గ్రిప్పర్, కిలో బరువు. దూరాలు కూడా మోచేయి నుంచే కొలవాలి. ముంజేయి 0.4 కిలో 12.5 సెంటీమీటర్ల దగ్గర, గ్రిప్పర్ 0.4 కిలో 30 దగ్గర, బరువు 1 కిలో 35 దగ్గర. అన్నీ కలిపితే 5.1 న్యూటన్ మీటర్లు. బేస్ నిటారు అక్షం మీద తిరుగుతుంది కాబట్టి టేబుల్ సమంగా ఉన్నంతవరకు బరువు దాన్ని తిప్పదు. కదిలించడానికి, ఆపడానికి కావాల్సిన టార్క్ మాత్రం దానికీ ఉంటుంది.

ఇంకా ఏమీ కొనలేదు. భాగాల బరువులు తెలియకుండా లెక్క ఎలా మొదలుపెట్టాలి?

చివరి నుంచి మొదలుపెట్టి భుజం వైపు రండి. గ్రిప్పర్ బరువు ఊహించండి, దాంతో మణికట్టు లెక్క వేయండి, దానికి మోటార్ వెతకండి, ఆ మోటార్ బరువు కలిపి మోచేయికి రండి, చివర భుజం. ఒక్కో జాయింట్ మోటార్ దాని వెనకున్న జాయింట్‌కి బరువే కాబట్టి ఈ వరస తప్పితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మామూలుగా రెండు మూడు సార్లు తిరగేశాక అంకెలు కుదురుకుంటాయి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. నా మొదటి చేయిలో మోచేయి వణుకుతోందని అక్కడ 0.6 కిలోల మోటార్ తీసి 1.1 కిలోలది పెట్టాను. మోచేయి బాగుపడింది, భుజం కూలబడింది. ఆ అర కిలో 30 సెంటీమీటర్ల దగ్గర కూర్చుని భుజం మీద 1.5 న్యూటన్ మీటర్లు అదనంగా వేసింది. ఆఖరికి మోచేయి మోటార్‌ని భుజం వెనక్కి జరిపి టైమింగ్ బెల్ట్‌తో నడిపాను. 0.6 కిలోల మోటార్‌నే భుజానికి 10 సెంటీమీటర్లు వెనక పెడితే అది బరువు కాకపోగా ఎదురు తూకంగా పనిచేస్తుంది. భుజం టార్క్ 13.3 నుంచి 11కి దిగుతుంది. పెద్ద మోటార్ కొనే ముందు ఉన్న మోటార్‌ని వెనక్కి జరపగలమా అని చూడటం మంచిది.

## రెండో దశ: కదలిక

కదలకుండా పట్టుకోవడానికి లెక్క వేశాం. కదిలించడానికి ఇంకా ఎంత కలపాలి?

కదలిక మొదలయ్యేటప్పుడు చేయి జడత్వాన్ని కూడా తోయాలి. దానికి రెండు అంకెలు కావాలి: ఎంత జడత్వం, ఎంత త్వరణం.

జడత్వానికి ప్రతి భాగం బరువును దూరం వర్గంతో గుణించి కూడాలి. చాపిన మన చేయికి భుజం దగ్గర అది, గొట్టాల సొంత జడత్వం కూడా కలిపితే, సుమారు 0.72 కిలో మీటర్ స్క్వేర్. ఇందులో 0.42 చివరి కిలో బరువుదే. దూరం వర్గమవుతుంది కాబట్టి ఇక్కడ చివరి బరువే రాజు.

త్వరణం మీ టైమింగ్‌ని బట్టి వస్తుంది. 90 డిగ్రీలు 1.5 సెకన్లలో తిరగాలి. మొదటి అర సెకను వేగం పెంచి, మధ్య అర సెకను అదే వేగంతో పోయి, చివరి అర సెకను తగ్గిద్దాం అనుకోండి:

```
angle      = 1.571 rad
max speed  = 1.5 x 1.571 / 1.5 = 1.571 rad/s = 15 rpm
accel      = 1.571 / 0.5 = 3.14 rad/s^2
T_accel    = 0.72 x 3.14 = 2.3 N·m
T_peak     = 13.3 + 2.3 = 15.6 N·m
```

పట్టుకోవడానికి 13.3, కదిలించడానికి అదనంగా 2.3. ఇలా నింపాదిగా కదిలే చేతుల్లో గురుత్వాకర్షణదే పెద్ద వాటా. అదే 90 డిగ్రీలు సగం టైములో, 0.75 సెకన్లలో కావాలంటే త్వరణం నాలుగు రెట్లవుతుంది, 2.3 కాస్తా 9 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఎగ్జిబిషన్‌లో "కొంచెం ఫాస్ట్‌గా తిప్పు" అని పక్కవాడు అన్నప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే.

సేఫ్టీ ఫ్యాక్టర్ ఎంత పెట్టాలి? సీనియర్లు ఒకరు 2 అంటారు, ఒకరు 3 అంటారు.

ఆ అంకె మీకు తెలియనివాటికి కట్టే రుసుము. బరువులు తూచి, త్వరణం లెక్కలోకి తీసుకుని, గేర్‌బాక్స్ నష్టాన్ని విడిగా లెక్కేస్తే 1.5 చాలు. 15.6 న్యూటన్ మీటర్లకి 1.5 పెడితే 23.4. కేవలం పట్టుకునే టార్క్ మాత్రమే లెక్కేసి, బరువులు ఊహించి ఉంటే 2 కన్నా తగ్గొద్దు. 3 పెట్టేవాళ్లు తెలియకుండానే ఇంకో తప్పు చేస్తున్నారు. మోటార్ పెద్దదవుతుంది, దాని బరువు వెనక జాయింట్ మీద పడుతుంది, అక్కడా 3 పెడతారు, చివరికి బేస్ టేబుల్‌ని లాగేస్తుంది.

## మూడో దశ: మోటార్, గేర్ ఎంపిక

గేర్ రేషియో ఎంత పెట్టాలో ఒక్క ఫార్ములా చెప్పండి.

గేర్ రేషియో అంటే జాయింట్ ఒక చుట్టు తిరగడానికి మోటార్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. ఒక్క ఫార్ములాతో ఒక్క అంకె రాదు. రెండు ఫార్ములాలు రెండు హద్దులు ఇస్తాయి. మీ రేషియో ఆ రెండింటి మధ్య ఉండాలి.

```
N_min = T_joint / (T_motor x efficiency)
N_max = motor rpm / joint rpm
```

కింది హద్దు టార్క్ పెట్టేది: ఇంతకన్నా తక్కువ రేషియో ఉంటే బరువు లేవదు. పై హద్దు వేగం పెట్టేది: ఇంతకన్నా ఎక్కువైతే చేయి టైముకి చేరదు.

మన భుజానికి 23.4 న్యూటన్ మీటర్లు, 15 ఆర్‌పీఎం కావాలి. 40, 60, 100 వాట్ల మోటార్లు మూడూ 3000 ఆర్‌పీఎంవే అనుకుందాం, కాబట్టి పై హద్దు మూడింటికీ 3000ని 15తో భాగిస్తే 200. కింది హద్దుకి గేర్‌బాక్స్ సామర్థ్యం కావాలి. ఇంత రేషియోకి ప్లానెటరీ గేర్‌బాక్స్‌లో మూడు స్టేజీలు, అంటే ఒకదాని వెనక ఒకటిగా మూడు గేర్ సెట్లు ఉంటాయి. ఒక్కో స్టేజీకి 90 శాతం చొప్పున మూడు స్టేజీలకి 73 శాతం మిగులుతుంది.

40 వాట్ల మోటార్ రేటెడ్ టార్క్, అంటే రోజంతా ఇవ్వగలిగేది, 0.127 న్యూటన్ మీటర్లు. కింది హద్దు 252 వస్తుంది. పై హద్దు 200. కింది హద్దు పైదాన్ని దాటిపోయింది, అంటే ఈ మోటార్‌కి ఏ గేర్ పెట్టినా పని జరగదు. టార్క్ కోసం రేషియో పెంచితే వేగం చాలదు, వేగం కోసం తగ్గిస్తే బరువు లేవదు. చాలామంది ఇక్కడే గేర్‌బాక్స్‌లు మార్చి మార్చి డబ్బులు పోగొట్టుకుంటారు. తక్కువైంది రేషియో కాదు, పవర్.

60 వాట్లది 0.19 న్యూటన్ మీటర్లు. కింది హద్దు 169, పై హద్దు 200. సందు ఉంది కానీ ఇరుకు. రెండు స్టేజీలే అనుకుని 80 శాతం సామర్థ్యంతో లెక్కేసినవాళ్లకి కింది హద్దు 154 అని కనిపిస్తుంది, కేటలాగ్‌లో 160 దొరుకుతుంది, సంబరపడి కొనేస్తారు. వచ్చిన 160 మూడు స్టేజీలది. 73 శాతంతో మళ్లీ లెక్కేస్తే అది హద్దుకి కిందే ఉంది. వేసుకున్న మార్జిన్‌లోంచి కొంత అక్కడే కరిగిపోతుంది.

100 వాట్లది 0.318 న్యూటన్ మీటర్లు. కింది హద్దు 101, పై హద్దు 200. హాయిగా 120 పెట్టుకోవచ్చు. అప్పుడు మోటార్ 1800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. అసలు అవసరమైన 15.6 న్యూటన్ మీటర్లకి మోటార్ దగ్గర 0.178 పడుతుంది, అంటే రేటింగ్‌లో సగానికి కాస్త ఎక్కువ. నేనైతే ఇదే తీసుకుంటాను.

గేర్ జోలికి పోకముందే చూసుకోవాలంటే టార్క్‌ని రేడియన్లలో వేగంతో గుణించి సామర్థ్యంతో భాగించండి. 23.4 ఇంటూ 1.571, భాగించు 0.73, అంటే 50 వాట్లు. 40 వాట్ల మోటార్ ఎందుకు ఓడిపోయిందో ఈ ఒక్క వరసలోనే తెలుస్తుంది.

సందులో ఉన్నప్పుడు రేషియో ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది కదా?

కొంతవరకే. మోటార్ లోపలి రోటర్ జడత్వం జాయింట్ దగ్గరికి వచ్చేసరికి రేషియో వర్గంతో పెరిగి కనిపిస్తుంది. సన్నని రోటర్ ఉన్న 100 వాట్ల సర్వోలో రోటర్ జడత్వం కిలో మీటర్ స్క్వేర్‌లో లక్షో వంతులో సగం, అంటే 0.000005 అనుకోండి. 120 రేషియో దగ్గర అది 0.07 అవుతుంది. చేయి జడత్వం 0.72 పక్కన అది లెక్కలోకి రాదు. కానీ డ్రోన్ మోటార్ లాంటి వెడల్పు రోటర్‌కి జడత్వం ఇంకా చాలా ఎక్కువ. దాన్ని 200 రేషియోతో నడిపితే మోటార్ తన రోటర్‌ని తోసుకోవడానికే గణనీయంగా టార్క్ ఖర్చు పెడుతుంది.

ఇంకోటి, రేషియో పెరిగేకొద్దీ చేత్తో నెట్టితే జాయింట్ కదలదు. చేయి దేనికైనా గుద్దుకుంటే ఆ దెబ్బంతా గేర్ పళ్ల మీదే పడుతుంది.

స్టెప్పర్ మోటార్ పెట్టొచ్చా? హోల్డింగ్ టార్క్ బాగానే ఉంది.

హోల్డింగ్ టార్క్ అంటే ఆగి ఉన్నప్పటిది. తిరగడం మొదలెట్టాక స్టెప్పర్ టార్క్ వేగంతో పాటు పడిపోతుంది. 19 కేజీ సెంటీమీటర్ల నెమా 23ని చూసి 1.9 ఇంటూ 20 అని గుణించేసి 38 న్యూటన్ మీటర్లు వచ్చాయని మురిసిపోతారు. 20 రేషియోతో భుజం 15 ఆర్‌పీఎం తిరగాలంటే మోటార్ 300 ఆర్‌పీఎం తిరగాలి, రెండు స్టేజీల 81 శాతం సామర్థ్యంతో అక్కడ 1.44 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. రేషియో 50 పెడితే 0.58 చాలు కానీ వేగం 750 ఆర్‌పీఎం. డేటాషీట్‌లో టార్క్, స్పీడ్ గీత ఉంటుంది. మీరు వాడే వోల్టేజీకి వేసిన గీత తీసుకుని, ఈ రెండు చుక్కలూ దాని మీద పెట్టండి. గీతకి కింద పడిన చుక్క పనికొస్తుంది, పైన పడినది పనికిరాదు. గీత ఇవ్వని మోటార్‌ని భుజానికి నేను వాడను.

స్టెప్పర్ ఓడిపోయినప్పుడు ఆ విషయం చెప్పదు కూడా. స్టెప్పులు తప్పిపోతాయి, చేయి కిందికి జారుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఇంకా పైనే ఉందనుకుంటుంది. షాఫ్ట్ నిజంగా ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ పెట్టకపోతే టెన్షన్ మీకే.

## నాలుగో దశ: కొనేటప్పుడు

స్టాల్ టార్క్ చూసి కొన్నాను. లెక్కకి సరిపోయింది. పర్లేదా?

స్టాల్ టార్క్ అంటే షాఫ్ట్ తిరగకుండా ఆగిపోయినప్పుడు వచ్చే టార్క్. ఆ స్థితిలో వేగం సున్నా, పని సున్నా, కరెంటంతా వేడిగా మారుతుంది. కొన్ని సెకన్లకే వైండింగ్ వాసన వస్తుంది. మామూలు బ్రష్ మోటార్లకి, చిన్న సర్వోలకి డేటాషీట్‌లో రేటెడ్ టార్క్ లేకపోతే స్టాల్‌లో నాలుగో వంతే రోజంతా వాడదగినదనుకుని లెక్కేయండి. చేయి చాపి బరువు పట్టుకుని ఆగి ఉన్నా మోటార్ పని చేస్తున్నట్టే, వేడెక్కుతున్నట్టే. పది నిమిషాలు పట్టుకోనిచ్చి మోటార్ మీద చేయి పెట్టి చూడండి. పెట్టిన చేయి ఉంచలేకపోతే మోటార్ చిన్నది.

గేర్‌బాక్స్ మీద కూడా టార్క్ రాసి ఉంటుంది. అది మోటార్‌ది కాదా?

కాదు, గేర్ పళ్లు, షాఫ్ట్ ఎంత తట్టుకుంటాయో చెప్పే అంకె అది. ఉదాహరణకి గేర్‌బాక్స్ మీద నిరంతరం 25, క్షణకాలం 50 న్యూటన్ మీటర్లు అని ఉందనుకోండి. 100 వాట్ల సర్వో క్షణకాలం మూడు రెట్లు టార్క్ ఇవ్వగలదు, అంటే 0.95 న్యూటన్ మీటర్లు. 120 రేషియో, 73 శాతం సామర్థ్యంతో అది జాయింట్ దగ్గర 84. చేయి గోడకి తగిలి ఆగితే కంట్రోలర్ ఇంకా తోస్తుంది, 84 వచ్చేలోపే పళ్లు విరుగుతాయి.

అందుకే డ్రైవర్‌లో కరెంట్ లిమిట్ పెట్టాలి. జాయింట్ దగ్గర 35 న్యూటన్ మీటర్లు దాటొద్దనుకుంటే మోటార్ దగ్గర 0.4, అంటే రేటెడ్ కరెంటుకి 1.25 రెట్లు. మనకు కావాల్సిన 15.6కి అది ధారాళం.

వర్మ్ గేర్ పెడితే కరెంటు పోయినా చేయి పడదంట కదా?

సామర్థ్యం 50 శాతం కన్నా తక్కువున్న వర్మ్ గేర్ మామూలుగా వెనక్కి తిరగదు, నిజమే. కానీ ఆ లాభం కోసం సగానికి పైగా పవర్ రాపిడిలో పోతుంది. 73 శాతానికి బదులు 45 శాతం పెట్టి లెక్కేస్తే మన భుజానికి 50 వాట్లు కాదు, 82 వాట్లు కావాలి. పైగా వైబ్రేషన్ ఉన్నచోట వర్మ్ మెల్లగా జారుతుంది. మనుషులు పక్కన నిలబడే చేయికి నేను మోటార్ వెనక కరెంటు పోతే పట్టుకునే బ్రేక్ పెడతాను. ఆ బ్రేక్ గేర్‌బాక్స్‌కి ముందు, మోటార్ షాఫ్ట్ మీద ఉంటుంది కాబట్టి చిన్నది చాలు: 13.3 న్యూటన్ మీటర్లని 120తో భాగిస్తే 0.11.

## ఐదో దశ: బిగించాక

లెక్కంతా సరిగ్గా ఉంది, అయినా చేయి పైకి లేవడం లేదు. ఎక్కడ వెతకాలి?

ముందు మార్కర్ తీసుకుని మోటార్ షాఫ్ట్ మీద, దానికి బిగించిన హబ్ మీద కలిసేలా ఒక గీత గీయండి. ఒకసారి ఎత్తించి చూడండి. గీత రెండు ముక్కలైతే గ్రబ్ స్క్రూ జారుతోంది, మోటార్ తప్పేం లేదు. గుండ్రని షాఫ్ట్ మీద గ్రబ్ స్క్రూ 20 న్యూటన్ మీటర్లు ఆపలేదు. గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్‌కి, హబ్‌కి మధ్య గాడిలో కూర్చునే కీ ఉండాలి.

గీత చెక్కుచెదరకపోతే మల్టీమీటర్ పెట్టండి. సప్లై దగ్గర కాదు, డ్రైవర్ టెర్మినళ్ల దగ్గర. చేయి కదలడం మొదలెట్టే క్షణంలో 24 వోల్టులు 19కి పడితే వైర్లు సన్నగా ఉన్నాయి లేదా సప్లై చాలదు. సప్లై దగ్గర 24 ఉండి డ్రైవర్ దగ్గర 19 ఉంటే వైర్లదే తప్పు.

వోల్టేజీ కూడా నిలకడగా ఉంటే డ్రైవర్ కరెంట్ లిమిట్ చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగ్ మీ మోటార్‌ది కాకపోవచ్చు.

నిజంగా జాయింట్ దగ్గర ఎంత టార్క్ వస్తోందో కొలిచే చౌక మార్గం ఉందా?

ఊరికి పోయేటప్పుడు బ్యాగు తూచే వేలాడే స్కేలు చాలు. గ్రిప్పర్ ఖాళీగా ఉంచి చేయిని అడ్డంగా చాపండి. భుజం నుంచి సరిగ్గా 30 సెంటీమీటర్ల దగ్గర చేయికి స్కేలు కొక్కెం తగిలించి, స్కేలు రెండో కొసని నిటారుగా కింద టేబుల్‌కి తాడుతో కట్టండి. ఇప్పుడు రేటెడ్ కరెంటు లిమిట్‌తో పైకి లేవమని చెప్పి, రెండు సెకన్లలో స్కేలు అంకె చదివి ఆపేయండి.

```
T = reading x 9.81 x 0.30 + 7.0
efficiency = T / (0.318 x 120)
```

ఆ 7.0 ఖాళీ చేయి సొంత బరువుకి పట్టే టార్క్. స్కేలు 7 కిలోలు చూపిస్తే మొత్తం 27.6 న్యూటన్ మీటర్లు, సామర్థ్యం 72 శాతం, గేర్‌బాక్స్ మాట నిలబెట్టుకుంది. 5 కిలోలే చూపిస్తే 21.7, సామర్థ్యం 57 శాతం. అప్పుడు గేర్‌బాక్స్‌ని అనుమానించే ముందు భుజం బేరింగులు చూడండి. రెండు బేరింగుల ఇళ్లు ఒకే వరసలో లేకపోతే షాఫ్ట్ బిగుసుకుంటుంది. మోటార్ విప్పేసి చేయిని చేత్తో తిప్పితే ఒక్కోచోట పట్టేసినట్టు తెలుస్తుంది. ఒక కుర్రాడి చేయికి మేము ఇలాగే 55 శాతం కొలిచాం. బేరింగ్ బ్లాక్ ఒకటి వదులు చేసి, షాఫ్ట్ దానంతటదే సర్దుకున్నాక మళ్లీ బిగించాం. 70 దాటింది.

ఎత్తుతోంది, కానీ చివర గడగడ ఊగుతోంది. టార్క్ చాలకనా?

ఎక్కువసార్లు టార్క్ కాదు, గేర్‌బాక్స్‌లో ఉన్న ఆట, అంటే గేర్ పళ్ల మధ్య ఉండే వదులు. చౌక ప్లానెటరీలో 1 డిగ్రీ ఆట ఉండటం మామూలే. 65 సెంటీమీటర్ల చివర అది 11 మిల్లీమీటర్లు. 15 ఆర్క్ నిమిషాల గేర్‌బాక్స్‌లో 3 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. 1 ఆర్క్ నిమిషం లోపుండే హార్మోనిక్ గేర్‌లో 0.2 కన్నా తక్కువ. ధర కూడా ఆ వరసలోనే పెరుగుతుంది.

ఊగేది ఎక్కడో గమనిస్తే కారణం తేలిపోతుంది. చేయి అడ్డంగా ఉన్నప్పుడు బరువు గేర్ పళ్లని ఎప్పుడూ ఒకే పక్కకి నొక్కి ఉంచుతుంది, ఆట ఉన్నా బయటపడదు. చేయి నిటారు దాటి అటు పక్కకి వాలేటప్పుడు బరువు లాగే దిక్కు మారుతుంది, పళ్లు టక్కుమని రెండో పక్కకి పడతాయి. ఊగుడు నిటారు దగ్గరే ఉంటే అది గేర్ ఆట. చేయిని నిటారు దాకా పోనివ్వకుండా పని ప్లాన్ చేసుకుంటే అదే చౌక గేర్‌బాక్స్‌తో నెట్టుకురావచ్చు. అడ్డంగా ఉన్నప్పుడు కూడా ఊగుతుంటే ముందు కంట్రోలర్ గెయిన్లు తగ్గించి చూడండి, తర్వాత చేయి గొట్టం వంగుతోందేమో చూడండి.